హెంజేరు నల్లరాయి: నొళంబ గుడుల మీద వచ్చిన పుస్తకం

మడకశిర వైపు నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడిన తెలుగు ఇళ్లలో హెంజేరు సిద్ధేశ్వరస్వామి పేరు వినని ఇల్లు ఉండదు. మా అవ్వ ప్రతి పెళ్లికీ మొదటి పత్రిక ఆ స్వామికే పంపించేది. లింగంగా కాకుండా మనిషి రూపంలో కూర్చుని ఉండే శివుడు ఆయన. ఆ ఊరినే ఇప్పుడు హేమావతి అంటున్నాం. వెయ్యేళ్ల కిందట అది నొళంబ రాజుల రాజధాని అన్న సంగతి మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలీదు. నాకూ కాలేజీ రోజుల్లోనే తెలిసింది. అందుకే ‘నొళంబ ఆలయ వాస్తు: హెంజేరు నుంచి నంది దాకా’ అనే 312 పేజీల పుస్తకం చేతికి రాగానే, చదవడం మొదలుపెట్టకముందే నంది బస్సెక్కాలనిపించింది. చివరికి చదివాకే ఎక్కాను. రెండు ఆదివారాలు నందిలో, ఒక రోజు ఆవనిలో, ఒక రోజు హేమావతిలో పుస్తకాన్ని గోడల పక్కన పట్టుకుని చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను.

రచయిత్రి ఆర్కిటెక్ట్. చరిత్ర పుస్తకాలు చదివి గుడుల దగ్గరికి వెళ్లినామె కాదు, టేపు పట్టుకుని గుడుల దగ్గరికి వెళ్లి తర్వాత చరిత్ర చదివినామె. పుస్తకం బలమంతా అక్కడే ఉంది. లోపాలు కూడా చాలావరకు అక్కడివే.

ఆమె వాదన ఇది. 8వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం వరకు ‘నొళంబవాడి 32,000’ అని శాసనాలు పిలిచే సీమలో కట్టిన గుడులకు తమదైన ఒక పద్ధతి ఉంది. దాన్ని గంగుల శైలికో, రాష్ట్రకూటుల శైలికో, చాళుక్యుల శైలికో తోకలా చూపించడం తప్పు. ఆ పద్ధతి హేమావతిలోని పనివాళ్ల దగ్గర పుట్టి ఆవని, నంది, ధర్మపురి దాకా నడిచింది. దాన్ని గుర్తుపట్టడానికి మూడు ఆనవాళ్లు చెబుతుంది: గుడికి అడుగుపీఠమైన అధిష్ఠానం వరుసల కొలతలు, చిల్లులు తొలిచిన రాతి కిటికీలు, అద్దంలా నునుపు తేలిన నల్లరాతి స్తంభాలు.

ఇలాంటి పుస్తకం ఇంత ఆలస్యంగా రావడానికి ఒక కారణం మన పటంలోనే ఉంది. హేమావతి ఆంధ్రలో, నంది, ఆవని కర్ణాటకలో, ధర్మపురి తమిళనాడులో ఉన్నాయి. బ్రిటిష్ కాలంలోనూ ఈ సీమ చీలిపోయే ఉంది. మైసూరు సంస్థానంలోని శాసనాలు ఒక వరుసలో అచ్చయ్యాయి, మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చిన హేమావతి శాసనాలు ఇంకో వరుసలోకి వెళ్లాయి. హేమావతి శిల్పాలు కొన్ని ఎగ్మూరు మ్యూజియంకి చేరాయి. నొళంబ స్తంభాలైతే ఇంకా దూరం వెళ్లి, చోళులు తీసుకుపోగా తిరువయ్యారు గుడి ప్రాంగణంలో నిలబడి ఉన్నాయి. ఒక సీమ పనితనం ఇన్నిచోట్ల చెదిరిపోతే దాన్ని ఒకచోట కూర్చి చూసే ఓపిక ఎవరికి ఉంటుంది? ఈమెకు ఉంది. అన్నిటినీ ఒకే స్కేలులో గీసి పక్కపక్కన పెట్టిన మొదటి అధ్యాయం ఒక్కటే చాలు ఈ పుస్తకం కొనడానికి.

హేమావతి అధ్యాయం పుస్తకానికి ప్రాణం. దొడ్డేశ్వర గుడి అధిష్ఠానాన్ని కింది వరుసైన ఉపానం నుంచి పైనున్న కపోతం దాకా వరుస వరుసగా కొలిచి, పక్క గుడుల కొలతలను దాని మీద పలచటి గీతలతో వేసి చూపించింది. జగతి ఎంత ఎత్తు, కుముదం గుండ్రంగా ఉందా పలకలు తీరిందా, కంఠం ఎంత లోపలికి పోయింది, ఇవన్నీ కంటికి కనబడతాయి. ‘పోలికలు ఉన్నాయి’ అని ఊరికే రాసే పుస్తకాలు చాలా చూశాం. ఇక్కడ పోలిక ఎన్ని అంగుళాల్లో ఉందో, తేడా ఎక్కడ మొదలైందో చదివేవాడే కొలుచుకోవచ్చు. నేను దొడ్డేశ్వర గుడి దగ్గర నాలుగు కొలతలు మళ్లీ తీసి చూశాను. మూడు సరిపోయాయి. నాలుగోచోట నేల మట్టం తర్వాత పెరిగినట్టుంది, అందుకే తేడా వచ్చిందనుకుంటున్నాను.

కిటికీల గురించి రాసిన భాగం ఇంకా బాగుంది. దొడ్డేశ్వర గుడి మంటపానికి వెలుతురునిచ్చే రాతి జాలకాల్లో లతలు చుట్టలు తిరుగుతుంటే వాటి మధ్య దేవతలు నిలబడి ఉంటారు. వాటిని ఇన్నాళ్లూ అలంకారంగానే చూశాం. రచయిత్రి వాటిని కిటికీలుగా చూసింది. చిల్లు ఎంత వెడల్పు, లోపలికి ఎంత వెలుగు వస్తుంది, రాయి ఎంత మందం ఉంటే లత విరగకుండా నిలుస్తుంది అని అడిగింది. మంటపం లోపల గంట గంటకు వెలుగు ఎక్కడ పడుతుందో ఆరు బొమ్మల్లో చూపించింది. ఆ ఆరు బొమ్మలు చూశాక నేను హేమావతి వెళ్లి మధ్యాహ్నం దాకా మంటపంలోనే కూర్చున్నాను. ఆమె గీసినచోటే వెలుగు పడింది.

నందికి వచ్చేసరికి వాదన సడలింది. భోగనందీశ్వర గుడిని ఆమె నేరుగా ‘నొళంబ గుడి’ అంటుంది. 9వ శతాబ్దం మొదట్లోని నొళంబాధిరాజు శాసనం ఆధారం అంటుంది. ఆ శాసనం ఉన్నమాట నిజమే. కానీ దాదాపు అదే కాలంలో, రాష్ట్రకూట మూడో గోవిందుడి నాటి రాగిరేకులు, నందిలో శివాలయం కట్టించిన గౌరవాన్ని బాణరాజు రాణి రత్నావళికి ఇస్తున్నాయి. ఈ సంగతి రచయిత్రికి తెలుసు, అధోజ్ఞాపికలో ఒక్క వాక్యం రాసింది కూడా. ఒక్క వాక్యం సరిపోదు. రాణి బాణ వంశంది, సార్వభౌముడు రాష్ట్రకూటుడు, శాసనం నొళంబుడిది అయినప్పుడు గోడ మీది పనితనాన్ని ఏ ఒక్క వంశం పేరుతో పిలవాలి? పుస్తకం మొత్తంలో అసలు ప్రశ్న ఇదే, దాన్ని పేజీ అడుగుకి నెట్టేశారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. దానశాసనం వేరు, నిర్మాణశాసనం వేరు. గుడికి భూమి ఇచ్చానని రాసిన రాయి, ఆ రోజుకు గుడి ఉందని మాత్రమే చెబుతుంది. ఎప్పుడు కట్టారో చెప్పదు. ఆవనిలో నొళంబ రాణి దీవాంబిక గుడి, చెరువు కట్టించిందని, త్రిభువనకర్తారుడనే తపస్వి నలభై ఏళ్లలో యాభై గుడులు, రెండు పెద్ద చెరువులు కట్టించాడని శాసనాలు సూటిగానే చెబుతున్నాయి. అలాంటిచోట ఆమె కాలనిర్ణయం గట్టిగా నిలబడుతుంది. నాలుగో అధ్యాయంలో మాత్రం రెండు రకాల శాసనాలనూ ఒకే పట్టికలో, ఒకే ‘తేదీ’ గడి కింద వేసేసింది. ఆ పట్టికను నమ్మి ఎవరైనా పరిశోధన మొదలుపెడితే తప్పుదారి పడతారు.

పైగా ఆ త్రిభువనకర్తారుడి సంగతిని ఆమె ఒక పేరాలో దాటేయడం నాకు బాధనిపించింది. యాభై గుడులు కట్టించినవాడు రాజు కాదు, తపస్వి. గంగరాజు మారసింహుడు ‘నొళంబకులాంతక’ అని బిరుదు పెట్టుకునేంతగా ఆ వంశాన్ని దెబ్బతీశాడు. అయినా ఉలి చప్పుడు ఆగలేదని ఈమె కొలతలే చెబుతున్నాయి కదా! అంటే ఆ పద్ధతి రాజులది కాదు. ఆ సీమలోని రాళ్లది, రాయి చెక్కే కాసెవాళ్లది, మఠాలది, చెరువులది. ఆమె సేకరించిన సాక్ష్యం ఈ మాట అంటోంది. ఆమె రాసిన ముగింపు మాత్రం ఇంకా వంశాల పేర్లనే పట్టుకుని వేలాడుతోంది.

మూడో ఆనవాలైన నల్లరాయి గురించి కూడా ఇదే ఫిర్యాదు. అనంతపురం సీమ అంతటా గ్రానైటు నేలను చీల్చుకుంటూ నల్లరాతి గోడలు పోతుంటాయి, అవి మనకు కొత్త కాదు. ఎక్కడ నల్లరాతి స్తంభం కనబడినా అది హేమావతి నుంచి వచ్చిందేనని ఆమె అనుకుంటుంది. రాతిని పలచగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తే తేలే సంగతి అది. ఆ పరీక్ష ఒక్కచోటా చేయించలేదు. నందిలో రెండు గుడుల మధ్య ఉన్న కల్యాణమంటపం కూడా నల్లరాతిదే, అది తర్వాతి కాలందని ఆమే రాసింది. అలాంటప్పుడు రాయి రంగు ఆనవాలుగా ఎలా నిలుస్తుంది?

ఇక బొమ్మలు. చేత్తో గీసిన 46 ప్లాన్లు, నిలువుకోతలు అద్భుతంగా ఉన్నాయి. అన్నిటికీ స్కేలు, ఉత్తర దిక్కు గుర్తు ఉన్నాయి. తర్వాతి కాలంలో చేర్చిన గోడలకు వేరే రంగు వేశారు. నంది ప్లాన్ మూడు మడతలుగా విప్పేలా అచ్చువేశారు. విజయనగర కాలపు ప్రాకారం, కల్యాణి అనే కోనేరు, పాత గుడులు ఏ పొర ఏదో పదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. ఫొటోలు మాత్రం నిరాశపరిచాయి. చాలావరకు మిట్టమధ్యాహ్నం తీసినవి. ఎండ నెత్తి మీద ఉంటే లోతు తక్కువ ఉన్న చెక్కుడు పని చదునుగా కనబడుతుంది. గోడలో విగ్రహం నిలిపే దేవకోష్ఠం పైన మకరతోరణం గురించి రెండు పేజీలు రాసి, దాని ఫొటోలో మకరం ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పరిస్థితి పెట్టడం న్యాయం కాదు. నందిలో నాట్యం చేసే శివుడి కిటికీని తపాలా బిళ్లంత సైజులో వేశారు. 97వ ఫొటో కింద ‘ఆవని, లక్ష్మణేశ్వర, దక్షిణ గోడ’ అని ఉంది. నేను అక్కడ నిలబడి చూశాను, అది ఉత్తర గోడ. రెండో ముద్రణలో సరిదిద్దుతారని ఆశిస్తున్నాను.

భాష గురించి ఒక మాట. వాస్తు మాటలన్నీ తెలుగులోనే రాసి, మొదటిసారి వచ్చినచోట పక్కనే చిన్న బొమ్మ వేశారు. ‘జాలకం’ అన్న మాటకు ఎదురుగా జాలకం బొమ్మ ఉంది, వివరణ లేదు. అవసరం కూడా లేదు. ఇంగ్లీషులో చదివి బుర్ర వేడెక్కించుకున్న నాలాంటివాళ్లకు ఇదెంత సుఖమో!

హేమావతిలో గుడి దగ్గర ఒక పెద్దాయనకు ప్లాన్ చూపించాను. మొదట ఏ వైపు పట్టుకోవాలో అడిగారు. దిక్కు గుర్తు చూపించగానే సర్దుకుని, గర్భగుడి ఉత్తరం గోడ మీద వేలు పెట్టి, “అభిషేకం నీళ్లు బయటికి పోయే తూము గీయలేదేమప్పా?” అన్నారు. నిజమే, లేదు. బెంగళూరు వచ్చాక 46 ప్లాన్లూ తిరగేశాను. ఒక్కదాంట్లోనూ ప్రణాళం గీయలేదు.