సగం ట్యాంకు దిగాక ఇంకా ఎంతసేపు?

మొన్న ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ డాబా మీద ట్యాంకు కడిగించాం. నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, గుండ్రటిది, నిలువు గోడలు. లోపలి వ్యాసం 110 సెంటీమీటర్లు. కింద, పక్క గోడకున్న డ్రైన్ మూత విప్పితే 2 సెంటీమీటర్ల రంధ్రం. ఆ రంధ్రం మధ్య నుంచి కొలిస్తే నీళ్లు 1 మీటరు ఎత్తున ఉన్నాయి. మోటారు ఆపి, ఇళ్లకు వెళ్లే వాల్వు కట్టేసి, ప్లంబర్ మూత తీశాడు. ధార దిమ్మె దాటి గచ్చు మీద మీటరు పైనే దూరంలో పడింది. నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, సుద్దముక్కతో గీతలు పెట్టిన కర్రను ట్యాంకులో నిలబెట్టి చూస్తున్నాను.

10 నిమిషాల 50 సెకన్లకు నీళ్లు 50 సెంటీమీటర్ల గీత దగ్గరకు వచ్చాయి. ప్లంబర్ తొంగిచూసి, "సగం దిగిపోయింది మాస్టారూ, ఇంకో పది పదకొండు నిమిషాల్లో అయిపోద్ది. ఈలోపు టీ తాగొస్తా" అన్నాడు. "ఇంకా ఇరవై ఆరు నిమిషాలు పడుతుంది, నిదానంగా తాగిరండి" అన్నాను. ఆయన నమ్మలేదు. ఆయన చెప్పింది ఊరికే అన్న మాట కాదు. మనలో ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ ఇరవై ఆరు ఎక్కడి నుంచి వచ్చిందో సెకండియర్ పిల్లలకు పూర్తిగా అర్థం కావాలని ఇది రాస్తున్నాను. అవకలన సమీకరణాల చాప్టర్‌లో చలరాశులను విడదీసే పద్ధతి నేర్చుకున్నవాళ్లకు ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ముందు ధార వేగం. పైన h ఎత్తులో ఉన్న m ద్రవ్యరాశి నీటికి mgh స్థితిజ శక్తి ఉంటుంది. రంధ్రం దగ్గర అదంతా గతిజ శక్తిగా మారిందనుకుంటే

½mv² = mgh, కాబట్టి v = √(2gh)

దీన్ని టారిసెల్లి సూత్రం అంటారు. గెలీలియో చివరి రోజుల్లో ఆయన దగ్గర పనిచేసిన టారిసెల్లి 1644లో దీన్ని ప్రచురించాడు. h ఎత్తు నుంచి వదిలేసిన రాయి కింద పడేటప్పటికి ఎంత వేగంతో ఉంటుందో, రంధ్రంలోంచి వచ్చే నీరూ అంతే వేగంతో వస్తుంది. గెలీలియో దగ్గరకు మళ్లీ వస్తాం, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ట్యాంకు అడ్డుకోత వైశాల్యం A, రంధ్రం వైశాల్యం a అనుకుందాం. కొంచెం సేపట్లో, అంటే dt కాలంలో, రంధ్రం నుంచి a·v·dt ఘనపరిమాణం బయటికి పోతుంది. అదే నీరు లోపల మట్టం తగ్గినట్టు కనిపిస్తుంది: −A·dh. రెండూ సమానం.

−A dh = a √(2gh) dt

ఆ మైనస్ గుర్తు దగ్గర చాలామంది తడబడతారు. మట్టం తగ్గుతోంది కాబట్టి dh రుణాత్మకం. బయటికి పోయిన నీరు ధనాత్మకం కావాలంటే మైనస్ ఉండాల్సిందే. పరీక్షలో ఇది వదిలేస్తే చివర కాలం రుణాత్మకంగా వస్తుంది, అప్పుడు టెన్షన్ పడి ఎక్కడో ఒక గుర్తు మార్చేస్తారు. ఇక్కడే, మొదటి వరుసలోనే సరిచూసుకోండి.

ఇప్పుడు విడదీద్దాం. h ఉన్నదంతా ఒక పక్కకు, t ఉన్నది ఇంకో పక్కకు:

dh/√h = −(a/A)√(2g) dt

ఎడమ పక్క సమాకలనం చేస్తే 2√h. కుడి పక్క −(a/A)√(2g)·t + C. మొదట్లో, t = 0 దగ్గర, h = H. కాబట్టి C = 2√H. అంతా 2తో భాగిస్తే

√h = √H − kt, ఇక్కడ k = (a/A)√(g/2)

ఈ వరుస దగ్గర కాసేపు ఆగండి. మట్టం సమానంగా తగ్గడం లేదు, కానీ మట్టం వర్గమూలం సమానంగా తగ్గుతోంది. మొత్తం విషయం ఇందులోనే ఉంది. పూర్తిగా ఖాళీ కావడమంటే h = 0, అంటే

T = √H / k = (A/a) √(2H/g)

అంకెలు వేద్దాం. వైశాల్యాల నిష్పత్తికి π అక్కర్లేదు, వ్యాసాల నిష్పత్తి వర్గం చాలు: (110/2)² = 3025. H = 1, g = 9.8 వేస్తే √(2/9.8) = 0.4518. గుణిస్తే T సుమారు 1367 సెకన్లు, అంటే 22 నిమిషాల 47 సెకన్లు.

మొదట్లో ఉన్న వేగమే చివరిదాకా ఉందనుకుంటే ఎంత? వేగం √19.6 = 4.43 మీటర్లు, సెకనుకు 1.39 లీటర్లు. ట్యాంకులో 950 లీటర్లు. భాగిస్తే 683 సెకన్లు. సరిగ్గా సగం! ఇది కాకతాళీయం కాదు. నిలువు గోడల ట్యాంకు ఏదైనా సరే, మొదటి వేగంతో వేసిన లెక్కకు అసలు కాలం ఎప్పుడూ రెట్టింపు. సూత్రం రాసి మీరే చూడండి, ఒక్క వరుస.

ఇప్పుడు ప్లంబర్ మాట దగ్గరకు వద్దాం. సగం ఎత్తు దిగాలంటే √h విలువ √H నుంచి 0.7071√H దాకా రావాలి. అంటే పట్టే కాలం

T(1 − 1/√2) = 0.2929 T

మిగతా సగం నీళ్లు దిగడానికి 0.7071 T. మొదటి సగానికి మూడో వంతు కూడా పట్టదు, రెండో సగానికి మూడింట రెండొంతులకు పైగా పడుతుంది. నా స్టాప్‌వాచ్‌లో మొదటి సగం 650 సెకన్లు. 650/0.2929 = 2219 సెకన్లు, దాదాపు 37 నిమిషాలు. అందులో పదకొండు అయిపోయాయి, మిగిలింది ఇరవై ఆరు. g ఎంతో, రంధ్రం ఎంతో కూడా ఇక్కడ అక్కర్లేకుండా పోయింది.

చురుకైన పిల్లలు ఇప్పటికే పట్టేసి ఉంటారు: సూత్రం 22 నిమిషాల 47 సెకన్లు అంది కదా, 37 ఎలా వచ్చింది? మంచి ప్రశ్న, తప్పకుండా అడగాలి. రంధ్రం దగ్గరకు నీరు నాలుగు పక్కల నుంచీ వంగి వస్తుంది. బయటికి వచ్చాక కూడా ఆ వంపు కొంచెం కొనసాగి ధార సన్నబడుతుంది. దగ్గరగా వంగి చూస్తే కంటికే తెలుస్తుంది: మూత ఉన్న చోట రంధ్రమంత లావు, ఒక సెంటీమీటరు దూరంలో నడుము సన్నగా. అందుకే పల్చటి గోడకున్న రంధ్రం నుంచి సూత్రం చెప్పిన దానిలో సుమారు 0.6 వంతు నీరే వస్తుంది. ఇంజనీరింగ్‌లో దీన్ని డిశ్చార్జ్ కోఎఫిషియంట్ అంటారు, పదునైన అంచున్న గుండ్రటి రంధ్రానికి దాదాపు 0.61, 0.62 తీసుకుంటారు. మా ట్యాంకుకు ఎంత వచ్చిందో చూడండి. సూత్రం ప్రకారం సగం దిగడానికి 0.2929 × 1367 = 400 సెకన్లు, కొలిస్తే 650. భాగిస్తే 0.616. సుద్దముక్క గీతలతో, ఫోన్ గడియారంతో ఇంత దగ్గరగా రావడం నాకు ఎంత సంతోషంగా అనిపించిందో చెప్పలేను. ఈ గుణకం k లోకి మాత్రమే చేరుతుంది. √h సమానంగా తగ్గడమన్నది మారదు, 0.2929 మారదు.

ఇక గెలీలియో. మొత్తం కాలాన్ని అయిదు సమాన భాగాలు చేయండి. మా ట్యాంకుకు ఒక్కో భాగం సుమారు 7 నిమిషాల 24 సెకన్లు. √h విలువలు 1, 0.8, 0.6, 0.4, 0.2, 0. వర్గం చేసి సెంటీమీటర్లలోకి మారిస్తే మట్టాలు 100, 64, 36, 16, 4, 0. ఒక్కో భాగంలో దిగింది 36, 28, 20, 12, 4. నాలుగుతో భాగించండి: 9, 7, 5, 3, 1.

కిందపడే వస్తువు సమాన కాలాల్లో 1, 3, 5, 7 నిష్పత్తిలో దూరాలు దాటుతుందని గెలీలియో చెప్పాడు. ట్యాంకులో నీటిమట్టం అవే బేసి సంఖ్యలను వెనక నుంచి చదువుతోంది. పైకి విసిరిన బంతి శిఖరానికి చేరేటప్పుడు ఎలా నెమ్మదిస్తుందో, మట్టం అడుగుకు చేరేటప్పుడు అలా నెమ్మదిస్తుంది. h = (√H − kt)² ను రెండుసార్లు అవకలనం చేయండి, త్వరణం 2k², ఒక స్థిరాంకం.

బంతి అయితే శిఖరం నుంచి తిరిగి వస్తుంది. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. క్లాసులో ఒకమ్మాయి అదే h సూత్రంలో t = 2T వేసి, "సార్, ట్యాంకు మళ్లీ నిండింది" అంది. సూత్రంలో నిజంగానే H వస్తుంది. తప్పు ఎక్కడ? √h = √H − kt అన్న వరుసలో ఎడమ పక్క ఎప్పుడూ రుణాత్మకం కాదు. T దాటాక కుడి పక్క రుణాత్మకమవుతుంది, కాబట్టి ఆ జవాబు T దాకానే చెల్లుతుంది. ఆ తర్వాత h = 0, అంతే. పైగా √h తో భాగించేటప్పుడే మనం h సున్నా కాదని ఒప్పుకున్నాం. h = 0 అన్న జవాబు విడిగా సమీకరణాన్ని సంతృప్తిపరుస్తుంది, దాన్ని విడిగానే రాయాలి. ఇందులో ఇంకో లోతైన మాట ఉంది. ఖాళీ ట్యాంకును చూసి అది ఎప్పుడు ఖాళీ అయిందో ఎవరూ చెప్పలేరు, అయిదు నిమిషాల కిందటా, నిన్ననా అన్నది. సమీకరణం కూడా చెప్పలేదు: h = 0 నుంచి వెనక్కి వెళ్తే ఒకటి కాదు, ఎన్నో జవాబులు.

ట్యాంకు ఆకారం మారితే A కూడా h మీద ఆధారపడుతుంది, అయినా విడదీయడం కుదురుతుంది. పెద్ద గరాటు లాంటి శంకువు తీసుకోండి, మొన కింద, అక్కడే రంధ్రం. A(h) = A₀h²/H². సమాకలనంలో h^(3/2) వచ్చి, 2√H ఉన్న చోట (2/5)√H వస్తుంది. అదే మూతి, అదే ఎత్తున్న స్తూపంతో పోలిస్తే శంకువులో నీళ్లు మూడో వంతు, కాలం మాత్రం అయిదో వంతు. నెమ్మదిగా పోయే అడుగు భాగంలో నీళ్లే తక్కువ కదా.

మోటారు ఆన్‌లో ఉంటే వేరే కథ. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో అని పేపర్లో రాస్తారే, ఆ రెండూ సమీకరణంలోకి రావాలి: A dh/dt = Q − a√(2gh). గుణకాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టాను. ఇదీ విడదీయొచ్చు, u = √h అని పెట్టండి. రెండూ సమానమైన చోట మట్టం నిలుస్తుంది. ఇది సోమవారానికి మీ పని.

ఆ రోజు చివరి నాలుగు సెంటీమీటర్లే ఏడు నిమిషాలకు పైగా తీసుకున్నాయి. ధార దూకడం మానేసి గోడ వెంట జారడం మొదలైంది, అక్కడి నుంచి మన సూత్రం వర్తించదు. స్టాప్‌వాచ్‌లో అప్పటికి 36 నిమిషాలు దాటింది. ప్లంబర్ టీ తాగొచ్చి చాలాసేపటి నుంచి ట్యాంకు పక్కనే చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మాస్టారూ, పక్క బ్లాకు ట్యాంకు దీనికంటే పెద్దది, రంధ్రం ఇంతే. దానికెంత పడుద్దో చెప్పండి, పొద్దున్నే మూత తీసి వేరే పని చూసుకుంటా" అన్నాడు. ఆ ట్యాంకు వ్యాసం 140 సెంటీమీటర్లు, నీళ్ల ఎత్తు 1.21 మీటర్లు. గుణకం 0.616 వేసి మీరూ చేయండి. నాకు దాదాపు ఒక గంట ఆరు నిమిషాలు వచ్చింది.