బాబాయ్ గారి జూన్ కరెంటు బిల్లు: స్లిప్పు నుంచి పట్టికలోకి

బాబాయ్ గారికి,

మీరు ఫోనులో పంపిన బిల్లు ఫొటో అందింది. బియ్యం డబ్బా మీద పెట్టి తీసినట్టున్నారు, మూల మీద రెండు గింజలు కూడా పడ్డాయి. ఆ కాగితాన్ని ఎండ తగిలే గూట్లో ఉంచకండి. అది వేడికి నల్లబడే రకం, రెండు నెలల్లో అంకెలన్నీ మాసిపోతాయి. కొత్తపేటలో పది రూపాయలిచ్చి జిరాక్సు తీయించి ఆ కాపీ దాచుకోండి.

మీ అనుమానం ఇది: "268 యూనిట్లు కాలింది. 225 దాటాం కాబట్టి అన్నింటికీ 8 రూపాయల 75 పైసల రేటు వేశారు. 268 గుణించి చూస్తే 2,345 వచ్చింది. బిల్లు 2,362. ఆ పదిహేడూ ఏదో పన్ను." మీ గుణకారం తప్పు కాదు. ఆ రెండు మొత్తాలూ దగ్గరగా రావడం మాత్రం ఉత్త కాకతాళీయం. బిల్లులో ఎనర్జీ ఛార్జీలన్నీ ఒకే ముద్దగా వేశారు, ఏ రేటుకు ఎన్ని యూనిట్లో విడదీయలేదు. అందుకే ఈ పట్టిక.

ముందుగా స్లిప్పులో ఉన్నదంతా వరుస తప్పకుండా తెలుగులో దించాను. సర్వీసు నంబరు, పేరు వదిలేశాను.

> బిల్లు తేదీ 07-06-2024 కేటగిరీ గృహ వినియోగం ఫేజు 1 లోడు 3 కి.వా. గత రీడింగు 14612 తేదీ 07-05-2024 ప్రస్తుత రీడింగు 14880 యూనిట్లు 268 ఎనర్జీ ఛార్జీలు 1393.25 ఫిక్స్‌డ్ ఛార్జీలు 30.00 కస్టమర్ ఛార్జీలు 55.00 విద్యుత్ సుంకం 16.08 ఇంధన సర్దుబాటు 03/2024 56.80 ఆలస్య సర్‌ఛార్జి 25.00 లాభనష్టం -0.13 బిల్లు మొత్తం 1576.00 పాత బాకీ 786.00 కట్టవలసినది 2362.00 గడువు 21-06-2024

ఇప్పుడు పట్టిక. మొదటి అయిదు వరుసల మొత్తమే బిల్లులోని 1,393.25.

| వివరం | యూనిట్లు / లెక్క | రేటు (రూ.) | మొత్తం (రూ.) |
|---|---|---|---|
| 1 నుంచి 30 వరకు | 30 | 1.90 | 57.00 |
| 31 నుంచి 75 వరకు | 45 | 3.00 | 135.00 |
| 76 నుంచి 125 వరకు | 50 | 4.50 | 225.00 |
| 126 నుంచి 225 వరకు | 100 | 6.00 | 600.00 |
| 226 నుంచి 268 వరకు | 43 | 8.75 | 376.25 |
| ఎనర్జీ ఛార్జీలు | 268 | | 1,393.25 |
| ఫిక్స్‌డ్ ఛార్జీలు | 3 కిలోవాట్లు | 10.00 | 30.00 |
| కస్టమర్ ఛార్జీలు | నెలకు | | 55.00 |
| విద్యుత్ సుంకం | 268 | 0.06 | 16.08 |
| ఇంధన సర్దుబాటు (మార్చి) | 142 | 0.40 | 56.80 |
| ఆలస్య సర్‌ఛార్జి | | | 25.00 |
| పైసల సర్దుబాటు | | | -0.13 |
| ఈ నెల బిల్లు | | | 1,576.00 |
| పాత బాకీ (మే బిల్లు) | | | 786.00 |
| కట్టవలసినది | | | 2,362.00 |

చూశారుగా, 8.75 రేటు పడింది నలభై మూడు యూనిట్లకే. మన చేలకు నీళ్లు వదిలినట్టే ఇదీ: పై మడి నిండాకే కింది మడికి పారుతుంది, కింది మడికి పారిందని పై మడి ఖాళీ కాదు. మొదటి ముప్పై యూనిట్లకు ఎవరికైనా 1.90 రేటే, నెలకు అయిదు వందల యూనిట్లు కాల్చే ఇంటికైనా సరే. అయితే ఆఖరి 43 యూనిట్లకు పడిన 376 రూపాయలను మొదటి 125 యూనిట్లకు పడిన 417 పక్కన పెట్టి చూడండి. మీకు బిల్లు బరువుగా తోచడానికి అసలు కారణం అక్కడుంది.

పాత బాకీ సంగతి. మే బిల్లు కట్టేశానని మీరు అంటున్నారు. ఫోనులో నొక్కారు, డబ్బు ఖాతాలోంచి పోయింది, మూడో రోజున తిరిగి వచ్చేసింది. పిన్ని పంపిన పాసు పుస్తకం పేజీలో అదే 786 జమ కనిపిస్తోంది. అంటే ఆ బిల్లుకు డబ్బు పడనే లేదు. పాతిక రూపాయల సర్‌ఛార్జి కూడా దాని వల్లే వచ్చింది. ఈ 786 ఇప్పటికే 2,362లో కలిసి ఉంది కాబట్టి విడిగా మళ్లీ కట్టకండి.

ఇంధన సర్దుబాటు వరుస మిమ్మల్ని తికమక పెట్టి ఉంటుంది. 268ని 40 పైసలతో గుణిస్తే 107.20 రావాలి, బిల్లులో 56.80 ఉంది. అది ఈ నెల యూనిట్ల మీద వేసినది కాదు. కరెంటు కొనుగోలు ఖర్చు తేడాను రెండు నెలలు వెనక్కి లెక్కేసి వసూలు చేస్తారు. ఈ బిల్లు మే వాడకానిది, అందుకే స్లిప్పులో 03/2024 అని ఉంది. మార్చిలో మీ ఇంట్లో కాలింది 142 యూనిట్లు. పాత స్లిప్పు తీసి సరిచూశాను, సరిపోయింది.

ఇక ఏసీ. మే నెలంతా అబ్బాయి, కోడలు, పిల్లలు ఉన్నారు, పై గదిలో ఏసీ తెల్లవార్లూ నడిచింది. వాళ్ల వాటాగా 376 తీసుకుంటానన్నారు. ఏ యూనిట్లు ఏసీవో, ఏవి నీళ్ల మోటారువో మీటరు చెప్పదు, కాబట్టి ఆఖరి వరుసంతా ఏసీదేనని రాసేయకూడదు. మార్చి వాడకం 142 అనుకుని లెక్క కడితే ఎనర్జీ ఛార్జీలు 519 రూపాయలు అయ్యేవి. ఇప్పుడు 1,393.25. తేడా 874.25. అందులోనూ వేసవికి మీ ఫ్యాన్లు ఎక్కువ తిరిగిన వాటా కొంత ఉంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఏసీ గదిలో చాప పరుచుకుని ఎవరు పడుకున్నారో కూడా పిన్ని చెప్పింది. అబ్బాయి దగ్గర డబ్బులు అడగాలో వద్దో మీ ఇష్టం.

వచ్చే నెల నుంచి మీరే చూసుకునేలా మనవడి కంప్యూటర్‌లో ఒక ఫైలు పెట్టించండి. `B1` గడిలో యూనిట్లు వేసి, పక్క గడిలో ఇదంతా ఎంటర్ నొక్కకుండా ఒకే వరుసగా టైపు చేసి, చివర్లో ఎంటర్ నొక్కితే ఎనర్జీ ఛార్జీలు వస్తాయి:

```
=MIN(B1,30)*1.9
+MAX(0,MIN(B1,75)-30)*3
+MAX(0,MIN(B1,125)-75)*4.5
+MAX(0,MIN(B1,225)-125)*6
+MAX(0,MIN(B1,400)-225)*8.75
+MAX(0,B1-400)*9.75
```

268 వేసి చూడండి, 1393.25 రావాలి. రాకపోతే ఎక్కడో కామా జారిందన్నమాట.

మీటరు దగ్గర ఒక్క పని చేయండి. తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి, పక్కన `kWh` అని కనిపించినప్పుడు ఆగి చదవండి. 14880 కంటే ఎక్కువ ఉంటే రీడింగు సవ్యంగానే తీశారు. తక్కువ ఉంటే అప్పుడు నాకు ఫోను చేయండి, ఇద్దరం కలిసి సెక్షను ఆఫీసుకు వెళ్దాం.

డబ్బు 21వ తేదీ లోపల కట్టండి. ఈసారి కౌంటరులో కట్టి రసీదు తెచ్చుకోండి. మరొకటి: మే నెల 268 యూనిట్ల ఇంధన సర్దుబాటు ఆగస్టు బిల్లులో వస్తుంది. రేటు ఇదే ఉంటే 107 రూపాయల 20 పైసలు. అప్పటికి అబ్బాయి వాళ్లు హైదరాబాదు వెళ్లిపోయి ఉంటారు, ఏసీ ఆగి ఉంటుంది, బిల్లు చూసి మళ్లీ గాభరా పడకండి.

పిన్నికి నమస్కారాలు.

మీ అమ్మాయి,
కాకినాడ