మిర్చి స్టోరేజీ వీడియో: బొమ్మలు రాని మన అయిదుగురి స్టోరీబోర్డు

సుజాతక్క, రమేశన్న, కిరణ్, నవీన్, అందరికీ నమస్తే.

బండి కట్టకముందే ఫోన్ చేసి మన కోల్డ్ స్టోరేజీలో జాగా ఖాయం చేసుకోవచ్చని మిర్చి రైతుకు చెప్పే వీడియో ఇది. సోమవారం పొద్దున 10 గంటలకల్లా యానిమేషన్ చేసేవాళ్లకు దీని స్టోరీబోర్డు పంపాలి. నిన్న మీటింగ్‌లో "మనకు గీయడం రాదు కదా" అనే మాట దగ్గరే గంట గడిచిపోయింది. గీయడం వాళ్ల పని. ఏ ఫ్రేములో ఎవరున్నారు, ఎక్కడున్నారు, ముందు ఫ్రేముకూ దీనికీ ఏం మారింది, ఈ మూడూ తేల్చడం మన పని. ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చే రైతు సంగతి వాళ్లకంటే మనకే బాగా తెలుసు. అందుకే రాత్రి కూర్చుని మొత్తం రాశాను. శనివారం సాయంత్రం 4 గంటలకు మన టేబుల్ మీదే ఫొటోలు తీసేద్దాం.

ఫొటోలకు కావలసినవి: మల్లయ్యకు స్టీలు గ్లాసు, ఆయన భార్య లక్ష్మికి చిన్న గ్లాసు, గేటు దగ్గరి మనిషికి టీ కప్పు, ట్రాక్టరుకు అగ్గిపెట్టె, బస్తాలకు చింతగింజలు. మల్లయ్య గ్లాసుకు ఎర్ర దారం కట్టండి, తలపాగా అన్నమాట. ఆ దారం అన్ని ఫ్రేముల్లోనూ ఉండాలి. చేర్యాల నకాషీ పటం చూసే ఉంటారు. వరుసల మీద వరుసలుగా కథ నడుస్తుంటే, బట్టలనూ రంగునూ బట్టి ఎవరు ఎవరో పోల్చుకుంటాం. మనకూ అదే కావాలి.

పెళ్లికార్డు అట్టలో 16 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తున కిటికీ కోసి ఉంచాను. ఫోన్ ముందు అది పట్టుకుని అందులో కనిపించేది మాత్రమే తీయాలి. ప్రింట్ తీశాక బాణాలు వేద్దాం. మనిషో బండో కదిలితే ఫ్రేము లోపల నల్ల బాణం, కెమెరా కదిలితే ఫ్రేము బయట ఎర్ర బాణం. కింది నాలుగో వంతులో ముఖ్యమైనది ఏదీ పెట్టొద్దు, అక్షరాలు అక్కడే వస్తాయి.

ఇంకో కట్టుబాటు. ఊరు ఎప్పుడూ ఎడమ పక్క, స్టోరేజీ ఎప్పుడూ కుడి పక్క. సరుకు పోయేటప్పుడు బండి ఎడమ నుంచి కుడికే నడవాలి. ఒక్క ఫ్రేములో తిరగబడినా చూసేవాళ్లు బండి వెనక్కి వస్తోందనుకుంటారు.

మొత్తం 90 సెకన్లు. మొదట రాసుకున్న మాటలను గడియారం పెట్టుకుని చదివితే 2 నిమిషాల 10 సెకన్లు పట్టాయి. అందుకే చాలా కోసేశాను, కోపం తెచ్చుకోకండి.

ఫ్రేమ్ 1, 7 సెకన్లు. బాగా దగ్గరగా, గుప్పెడు ఎండు మిర్చి. చెయ్యి ఊపితే లోపల గింజలు గలగలమనాలి. దీనికి గ్లాసు వద్దు, రమేశన్న చేతినే ఫొటో తీద్దాం. మాట: "కాయ ఎండింది. చప్పుడే చెబుతోంది."

ఫ్రేమ్ 2, 8 సెకన్లు. దూరం నుంచి కల్లం. ఎర్రటి కుప్ప, పక్కన మడిచిన పట్టా, మల్లయ్య ఫోన్‌లో ధర చూస్తున్నాడు. మాట: "ఇవ్వాళ ధర నచ్చలేదు. కొన్నాళ్లు ఆగుదామనుకున్నాడు మల్లయ్య."

ఫ్రేమ్ 3, 10 సెకన్లు. రాత్రి, గేటు బయట లైను. ఆరు అగ్గిపెట్టెలు వరుసగా, మల్లయ్యది చివరిది. గది లైటు ఆపి టార్చి ఒక పక్క నుంచి వేయండి. గేటు కుడి అంచున కొంచెమే కనపడాలి, ఎంత దూరం ఉందో అప్పుడే తెలుస్తుంది. మాట: "పోయినేడు రాత్రంతా బండి మీదే. తెల్లారాక లోపల జాగా లేదన్నారు."

ఫ్రేమ్ 4, 10 సెకన్లు. మళ్లీ కల్లం, పగలు. ఫ్రేమ్ 2 తీసిన చోటి నుంచే తీయాలి, ఫోన్ అంగుళం కూడా జరపొద్దు. చోటు అదే, మనిషీ అతనే, కానీ ఇప్పుడు ఫోన్ చెవి దగ్గర ఉంది. పోయినేడు వేరు, ఈ ఏడు వేరు అని ఈ పోలికే చెప్పాలి. మాట: "ఈసారి బండి కట్టకముందే ఫోన్ చేశాడు. ఎన్ని బస్తాలో చెప్పాడు."

ఫ్రేమ్ 5, 14 సెకన్లు. వీడియోకు ప్రాణం ఇదే, అందుకే అన్నిటికంటే ఎక్కువ టైమ్ ఇచ్చాను. ఫ్రేము నిండా ఫోన్ స్క్రీన్, దాని మీద మెసేజ్: "60 బస్తాలు. రేపు 11:30. గేటు 2." మూడు ముక్కలూ ఒకేసారి రావద్దు. బస్తాలు, టైము, గేటు ఒక్కోటీ వచ్చాక చదువుకునేంత సేపు ఆగాలి. కిరణ్, నువ్వు యాప్ హోమ్ పేజీ మొత్తం చూపిద్దామన్నావు. దాంట్లో తొమ్మిది బటన్లు ఉన్నాయి, రైతు కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు. ఈ మూడు ముక్కలు గుర్తుంటే చాలు. దీనికి ఫొటో అక్కర్లేదు, తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్‌తో పెద్దగా రాసి, చుట్టూ ఫోన్ అంచులాగా గీత గీస్తే సరిపోతుంది. మాట: "జాగా మీ పేరున ఉంది. ఏ టైముకు రావాలో మెసేజ్‌లోనే ఉంది."

ఫ్రేమ్ 6, 8 సెకన్లు. రోడ్డు మీద ట్రాక్టరు, ఎడమ నుంచి కుడికి. మాటలు లేవు, ఇంజిన్ చప్పుడే.

ఫ్రేమ్ 7, 10 సెకన్లు. కాంటా. మల్లయ్య, కాంటా అంకెలు రెండూ ఒకే ఫ్రేములో ఉండాలి, తూకం ఆయన కళ్ల ముందే జరిగిందని తెలియాలి. సుజాతక్క అడిగిన "నమ్మకం" అనే మాట తీసేశాను, ఈ ఫ్రేము చూస్తే అది తెలిసిపోతుంది. మాట: "తూకం మీ ముందే. రసీదు మీ చేతికే."

ఫ్రేమ్ 8, 8 సెకన్లు. లోపల చల్లటి గది, అరల మీద బస్తాలు. దగ్గరగా ఒక బస్తాకు కట్టిన లాట్ నంబర్ చీటీ. మాట: "మీ లాట్ నంబరు మీ బస్తాల మీదే."

ఫ్రేమ్ 9, 9 సెకన్లు. ఇంట్లో లక్ష్మి ఫోన్‌లో అదే లాట్ నంబరు చూస్తోంది. చీటీ మీది అంకెలూ ఇక్కడి అంకెలూ ఒకటే కావాలి: 214. మాట: "ధర నచ్చిన రోజు ఇంటి నుంచే చెప్పండి."

ఫ్రేమ్ 10, 6 సెకన్లు. మన ఫోన్ నంబరు, అంతే.

కాకతీయ తోరణం మీదుగా డ్రోన్ షాట్‌తో మొదలుపెడదామన్నది సార్ కోరిక. తోరణం మీద నాకూ ప్రేమే. కానీ నర్సంపేట నుంచో పరకాల నుంచో సరుకు తెచ్చే రైతుకు వరంగల్‌ను పరిచయం చేయనక్కర్లేదు. మొదటి ఏడు సెకన్లలో ఆయన తన చేతిని, తన కాయను చూడాలి. సార్‌తో నేనే మాట్లాడతాను.

ఫొటోలు అయ్యాక నవీన్ వాటిని ఫోన్‌లోనే వరుసగా పేర్చి, ఒక్కోదాన్ని పైన రాసిన సెకన్లు ఉంచి, సుజాతక్క గొంతు కలపాలి. ఎక్కడ సాగుతోందో, ఎక్కడ మాట ముగియకుండానే బొమ్మ మారుతోందో అప్పుడు బయటపడుతుంది. తర్వాత ప్రింట్లు గోడకు అంటించి, కింద హమాలీ మేస్త్రీని పైకి పిలుద్దాం. మనం ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. ఆయన్నే వరుసగా చూసి కథ చెప్పమందాం. ఎక్కడ ఆగి "ఇదేంది?" అని అడుగుతారో ఆ ఫ్రేమును అక్కడే మళ్లీ తీద్దాం. గ్లాసులూ చింతగింజలూ ఆయన వెళ్లేదాకా టేబుల్ మీదే ఉంచండి.