బాబాయ్, వాషింగ్ మెషీన్ వారంటీ కార్డు మొత్తం తెలుగులో

బాబాయ్, మీరు పంపిన ఫోటోలు నాలుగూ చూశాను, కార్డు మొత్తం చదివా. ముందుగా ఒక్క మాట, శబ్దం వస్తోందని మీరు పిలుద్దామనుకుంటున్న ఆ బయటి రిపేర్ అబ్బాయిని మెషీన్ మీద చెయ్యి వెయ్యనివ్వద్దు, వెనక మూత కూడా విప్పనివ్వద్దు. ఎందుకో కింద చెప్తా.

మొదటి పేజీలో ఉన్నది ఇది: "కొన్న తేదీ నుంచి 24 నెలల లోపు తయారీ లోపం వల్ల కానీ మెటీరియల్ లోపం వల్ల కానీ మెషీన్ పాడైతే కంపెనీ ఉచితంగా రిపేర్ చేస్తుంది, లేదా ఆ పార్టు మారుస్తుంది. రిపేర్ చెయ్యాలా మార్చాలా అనేది కంపెనీ ఇష్టం." అంటే కొత్త మెషీన్ ఇమ్మని మనం ఈ కార్డు చూపించి పట్టుపట్టలేం, బాగుచేసిస్తే వాళ్ల బాధ్యత తీరినట్టే. బిల్లు మీద తేదీ 14 ఆగస్టు 2023 కాబట్టి మనకి 13 ఆగస్టు 2025 దాకానే ఉంది, ఈరోజు జూలై 29, అంటే రెండు వారాలే మిగిలాయి బాబాయ్.

"మోటారుకి 10 సంవత్సరాలు" అని పెద్ద అక్షరాల్లో ఉందే, మీరు దాని మీద ధైర్యంగా ఉన్నట్టున్నారు, కానీ కింద చిన్న అక్షరాల్లో ఏముందంటే "ఈ 10 సంవత్సరాల వారంటీ మోటారు అనే పార్టుకి మాత్రమే. 24 నెలలు దాటాక లేబర్, రవాణా, విజిట్ ఛార్జీలు, మోటారుతో పాటు మార్చాల్సిన ఇతర పార్టుల ఖర్చు కస్టమరే భరించాలి." మీరు చెప్పిన గరగర శబ్దం స్పిన్ అప్పుడే వస్తోందంటే డ్రమ్ బేరింగ్ అయ్యుండొచ్చు, చూస్తే కానీ చెప్పలేం. బేరింగే అయితే అది మోటారు కిందకి రాదు, 24 నెలల వారంటీలోనే వస్తుంది. అందుకే నాకు ఇంత తొందర.

క్లెయిమ్ గురించి రెండో ఫోటోలో ఉంది: "లోపం గమనించిన 30 రోజుల్లోగా, వారంటీ గడువు ముగియకముందే కంప్లైంట్ నమోదు చెయ్యాలి." రెండూ కుదరాలి, ఒకటి కుదిరితే చాలదు. శబ్దం పోయిన వారమే మొదలైందన్నారు కదా, కాబట్టి ఇప్పటికి ఇబ్బంది లేదు. కంప్లైంట్ ఇచ్చాక టెక్నీషియన్ 13 తర్వాత వచ్చినా ఫర్వాలేదు, ఎందుకంటే కార్డులో లెక్క నమోదైన తేదీదే, అందుకే కంప్లైంట్ నంబరు మెసేజ్ వచ్చేదాకా ఫోన్ పెట్టకండి. ఇంకో షరతు, "రిపేర్ చేసినా పార్టు మార్చినా వారంటీ కొత్తగా మొదలవ్వదు, పాత గడువే కొనసాగుతుంది."

వేటికి వర్తించదంటే, రబ్బరు గొట్టాలు, ప్లాస్టిక్ పార్టులు, ఫిల్టర్లు, గాజు, రంగు పోవడం, తుప్పు. కరెంటు హెచ్చుతగ్గులు, ఎలుకలు వైర్లు కొరకడం, చీమలు బొద్దింకలు లోపలికి దూరడం, వరద, పిడుగు, పడేయడం, ఇవన్నీ బయటి కారణాలు కాబట్టి ఇవ్వరు. ఉప్పునీటి వల్ల గార పట్టి వచ్చిన సమస్య కూడా రాదని రాశారు, అది నాకు అన్యాయంగానే అనిపించింది కానీ షరతు అయితే అదే.

ఇక వారంటీ మొత్తానికే రద్దయ్యే కారణాలు, ఇవి శ్రద్ధగా చదవండి. "కంపెనీ అధీకృత టెక్నీషియన్ కాని వాళ్లు మెషీన్ విప్పినా, రిపేర్ చేసినా, కంపెనీవి కాని పార్టులు వేసినా" రద్దు. "సీరియల్ నంబరు స్టిక్కర్ చింపినా, చెరిపినా, మార్చినా" రద్దు. "ఇంటి అవసరానికి కాకుండా హాస్టల్, లాండ్రీ లాంటి వ్యాపారానికి వాడినా" రద్దు. పై మేడ మీద అద్దెకుండే పిల్లల బట్టలు పిన్ని అప్పుడప్పుడు వేస్తుంది కదా, డబ్బు తీసుకోవడం లేదు కాబట్టి అది వ్యాపారం కాదు, భయపడక్కర్లేదు, అడిగితే ఉన్నదున్నట్టే చెప్పండి.

కార్డు మీద షాపు స్టాంపు, తేదీ ఖాళీగా ఉన్నాయి. షరతుల్లో "కొన్న తేదీకి రుజువు లేకపోతే తయారైన తేదీ నుంచి లెక్క" అని ఉంది, అలా లెక్కేస్తే మన గడువు ఎప్పుడో అయిపోయినట్టే. బిల్లుంది కనక గండం లేదు కానీ అది థర్మల్ కాగితం, ఇప్పటికే అక్షరాలు వెలిసిపోతున్నాయి, ఈరోజే జిరాక్స్ తీయించి, కుదిరితే షాపులో కార్డు మీద స్టాంపు కూడా వేయించుకోండి.

రేపు పొద్దున్నే కస్టమర్ కేర్‌కి చెయ్యండి. "స్పిన్‌లో శబ్దం వస్తోంది, మేం ఎక్కడా విప్పలేదు" అని చెప్తే చాలు, బేరింగ్ అని మీరే చెప్పొద్దు, అది వాళ్లు చూసి తేల్చాలి. వచ్చినతను ఇది వారంటీలో రాదంటే ఏ షరతు కింద రాదో జాబ్ షీట్ మీద రాయించుకుని నాకు ఫోటో పెట్టండి, ఖాళీ షీట్ మీద మాత్రం సంతకం చెయ్యకండి.

మూడో ఫోటోలో సీరియల్ నంబరు చివరి రెండు అంకెల మీద ఫ్లాష్ పడింది, మెషీన్ వెనక స్టిక్కర్ మీది నంబరూ కార్డు మీదిదీ ఒకటేనా చూసి ఇవాళ రాత్రికే చెప్పండి.