మిషను ఫ్రీ, దారి కాదు: ఉద్దానం డయాలసిస్ వ్యాన్ కోసం

స్లైడ్ 1
డయాలసిస్‌కు ఒక్క రూపాయి తీసుకోరు.
పింఛను నెలకు ₹10,000 వస్తుంది.
అయినా ఆయన ఒకసారి డయాలసిస్ మానేశాడు.
ఎందుకో చదవండి →

స్లైడ్ 2
ఊరు శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో. వయసు 46. కొబ్బరి రైతు. పేరు రాయొద్దన్నాడు. కూతురి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, ఇంట్లో కిడ్నీ జబ్బుందని తెలిస్తే వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోతున్నారట. అందుకే ఇక్కడ ఫొటో కూడా లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆయన చెట్లలో సగానికి పైగా పడగొట్టింది. అప్పు తెచ్చి మళ్లీ మొక్కలు నాటాడు. అవి కాపుకొచ్చే వేళకు రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీలు పాడవుతున్నాయని.

స్లైడ్ 3
ఆయన ఎడమచేతి మీద మణికట్టుకు కాస్త పైన నిమ్మకాయంత ఉబ్బు ఉంటుంది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి సర్జరీ చేసి రక్తనాళాలను కలిపిన చోటు అది. వేలు పెట్టి చూస్తే లోపల జుమ్మని కొట్టుకుంటూ తెలుస్తుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, గెల దించకూడదు.

రోజుకు తాగాల్సిన నీళ్లు ఒక సీసాలో కొలిచి పెట్టుకుంటాడు. పెరటినిండా కొబ్బరిబొండాలే, కానీ ఒక్కటీ తాగడానికి లేదు. బొండం నీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు పనిచేయనివాళ్లకు అది గుండె మీదికి వస్తుంది.

స్లైడ్ 4
వారానికి 3 సార్లు పలాస వెళ్లాలి. ఒక్కోసారి 4 గంటలు మిషను మీద పడుకోవాలి. ఆయనది పొద్దున 6 గంటల షిఫ్టు. ఆ వేళకు ఊళ్లోంచి బస్సు లేదు. అయ్యాక బస్సులో రావడం ఇంకా కష్టం: బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, నిలబడలేడు.

అందుకని ఆటో. రానూపోనూ, మధ్యలో ఆగినందుకు కలిపి ₹700.

నెలకు 13 సార్లు. ₹9,100.

పింఛన్లో మిగిలేది ₹900. బయట కొనే మందులు, బియ్యం, చిన్న కూతురి కాలేజీ ఫీజు ఆ తొమ్మిది వందల్లోంచే రావాలి.

స్లైడ్ 5
ఆయన భార్య పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్తుంది. డయాలసిస్ రోజున భర్త వెంట వెళ్లాలి కాబట్టి ఆ రోజు కూలి పోతుంది. వారంలో మూడు రోజులు అలా పోతే ఇల్లు ఎలా గడుస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆమె మాటే ఇది:
"మిషను ఫ్రీయే బాబూ. మిషను కాడికి ఎల్డానికే డబ్బులు సాల్డం నేదు."

స్లైడ్ 6
మొన్న వానాకాలంలో ఒక శుక్రవారం ఆటో డబ్బులు అందలేదు. "ఒక్కసారికి ఏం కాదులే, సోమవారం వెళ్తా" అనుకున్నాడు.

ఆదివారం రాత్రికి పడుకుంటే ఊపిరి ఆడలేదు. గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల్లోకి వచ్చేసింది. తెల్లవారుజామున 108లో తీసుకెళ్లారు. మామూలుగా డయాలసిస్ అయ్యాక 52 కిలోలు ఉండే మనిషి ఆ రోజు 57 తూగాడు. పైన ఉన్నదంతా నీరే.

బతికాడు. అలా ఒక్కసారి మానేసి తిరిగి రానివాళ్లు కూడా మాకు తెలుసు.

స్లైడ్ 7
"ఉద్దానంలో నీళ్ల ప్రాజెక్టు వచ్చింది కదా, ఆసుపత్రి కట్టారు కదా?" అని చాలామంది అడుగుతారు. వచ్చాయి. వంశధార నీళ్లు ఊళ్లకు ఇచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. మంచి పనులు, ఎప్పుడో జరగాల్సినవి.

ఈ జబ్బు ఇక్కడే ఇంతమందికి ఎందుకొస్తోందో మాత్రం ఇప్పటికీ తేలలేదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒంట్లో నీరు తగ్గడం అన్నారు, నొప్పి బిళ్లలన్నారు. పరిశోధన జరగాల్సిందే, జరుగుతోంది. కానీ ఇప్పటికే కిడ్నీలు పాడైనవాళ్లకు రేపు పొద్దున 6 గంటలకు డయాలసిస్ ఉంది. మేము చూస్తున్నది ఆ పొద్దున సంగతి.

స్లైడ్ 8
మా వ్యాన్ ఒకటి ఇప్పటికే తిరుగుతోంది. ట్రిప్పుకు ఆరుగురు. డ్రైవరు గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టి ఎక్కిస్తాడు, తిరిగొచ్చాక ఇంట్లో కూర్చోబెట్టి వెళ్తాడు. ఇంట్లోవాళ్లు తోడు రానక్కర్లేదు, కూలికి వెళ్లొచ్చు.

ఆ వ్యాన్‌లో ఖాళీ లేదు. ఇంకా 12 మంది పేర్లు రాయించుకుని ఎదురుచూస్తున్నారు. ఈయన వాళ్లలో ఒకడు. రెండో వ్యాన్ కావాలి.

స్లైడ్ 9
రోజుకు అయ్యే ఖర్చు, మొదటి వ్యాన్ ఖాతా పుస్తకం ప్రకారం:

వ్యాన్ అద్దె ₹900
డ్రైవరు జీతం ₹600
డీజిల్ ₹600
మొత్తం ₹2,100

ఆరుగురికి పంచితే మనిషికి ₹350. ఆటోకయ్యేదాంట్లో సగం.

సోమ, బుధ, శుక్రవారాలు ఆరుగురు. మంగళ, గురు, శనివారాలు ఇంకో ఆరుగురు. నెలకు 26 రోజులు, 6 నెలలు. మాకు కావలసింది ₹3,27,600. వాళ్ల దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోం.

స్లైడ్ 10
ఈ రోజు ₹350 పంపండి.
ఒక మనిషి ఒకసారి డయాలసిస్‌కు వెళ్లి ఇంటికి తిరిగి రావడానికి అయ్యే ఖర్చు అంతే.

వీలైతే ₹1,050. ఒకరికి ఒక వారం.
ఇంకా వీలైతే ₹4,550. ఒకరికి ఒక నెల.

గడువు జనవరి 31. ఫిబ్రవరి మొదటి సోమవారం తెల్లవారుజామున 4:30కి వ్యాన్ బయల్దేరాలి.

లింక్ మా బయోలో ఉంది. యూపీఐ, కార్డు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ఏదైనా సరే.

పోస్టు కింద రాసేది

ఉద్దానంలో ఎవరైనా ఎదురుపడితే "బాగున్నావా" అన్న వెంటనే "క్రియాటినిన్ ఎంతొచ్చింది" అని అడుగుతారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలానికి వెళ్లినా అంతే. అక్కడివాళ్లకు జాలి మాటలు చాలానే అందాయి. వాళ్లు అడుగుతున్నది బండి.

కొన్ని సంగతులు ముందే చెప్పేస్తున్నాం. ₹3,27,600 పూర్తిగా రాకపోతే వచ్చినంతలో నెలలు తగ్గించి నడుపుతాం, 12 మందిలో ఎవరినీ వదలం. ఎక్కువ వస్తే ఏడో నెలకు వాడతాం. ప్రతి నెల 5వ తేదీన డీజిల్ బిల్లులు, ట్రిప్పుల లెక్క ఈ పేజీలోనే పెడతాం. రోగుల పేర్లు మాత్రం పెట్టం.

ఇచ్చినవారికి 80జీ రసీదు మెయిల్‌లో వస్తుంది, పాన్ నంబరు ఇవ్వడం మర్చిపోకండి. అమెరికా, గల్ఫ్, ఇంకెక్కడున్నా భారత పాస్‌పోర్టు ఉన్నవారు ఇక్కడి మీ బ్యాంకు ఖాతా నుంచి పంపవచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి దగ్గర తీసుకోవడానికి మాకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేదు. దయచేసి పంపకండి, ఈ పోస్టును మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి చాలు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో డయాలసిస్‌కు వెళ్లడానికి ఇబ్బంది పడుతున్నవారు పలాస చుట్టుపక్కల ఉంటే మాకు మెసేజ్ చేయండి. ఖాళీ రాగానే పిలుస్తాం.

#ఉద్దానం #డయాలసిస్ #శ్రీకాకుళం