ఎవరి మాట వారికి: మొదటి సెమిస్టర్ విద్యార్థులకు రెఫరెన్సులపై మార్గదర్శిక

చరిత్ర విభాగం, హనుమకొండ
'మా ఊరి చెరువు: నిన్న, నేడు' అసైన్‌మెంట్ మొదలుపెట్టే ముందు చదవండి

కొన్నేళ్ల కింద ఒక సెక్షన్ అసైన్‌మెంట్లు దిద్దుతుంటే తొమ్మిది పేపర్లలో రామప్ప గుడి కట్టిన సంవత్సరం 1231 అని కనబడింది. అది 1213. ఎవరో ఒకరు టైపు చేసేటప్పుడు అంకెలు తారుమారయ్యాయి. మిగతా ఎనిమిది మంది చూసి రాశారు. ఇంకో పేపర్లో 'పై పటంలో చూపినట్లుగా' అని ఉంది. ఆ పేజీలోనే కాదు, పేపరంతా వెతికినా పటం లేదు. రాసిన అమ్మాయిని పిలిచి అడిగితే, "మేడమ్, కాపీ కొట్టలే. నెట్‌ల చూసి నా చేతితోనే రాసిన" అన్నది. అబద్ధమాడలేదు. పరీక్ష హాల్లో పక్కవాడి పేపర్ చూడటమొక్కటే కాపీ అని ఆమెకు తెలుసు. ఇంటర్ దాకా గైడ్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కులు వేశాం కదా, ఇప్పుడు అదే తప్పంటే ఎట్లా అర్థమవుతుంది? అందుకే ఈ నాలుగు పేజీలు.

ఏది తప్పు

వేరేవాళ్ల మాటగానీ, ఆలోచనగానీ, బొమ్మగానీ తీసుకొని, వాళ్ల పేరు చెప్పకుండా మనదిగా చూపించడం ప్లేజియరిజం. తెలుగులో గ్రంథచౌర్యం అంటారు. చేతితో రాశామా, ప్రింట్ తీశామా అన్నది లెక్కలోకి రాదు. తెలియక చేశామన్నా పేపర్ మారదు.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువగా పడే గుంత ఒకటుంది. ఇంగ్లిష్ వికీపీడియా పేజీ తీసి వాక్యం వెంట వాక్యం తెలుగులోకి మార్చి, 'తెలుగు నాదే కాబట్టి రాత నాదే' అనుకుంటారు. అనువాదంలో మాటలు మీవి, ఆలోచన వరుస మాత్రం మూల రచయితది. ఎక్కడి నుంచి అనువదించారో చెప్పి తీరాలి. వికీపీడియాను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, కానీ మూలం చెప్పాలన్నది దాని లైసెన్సులోనే ఉన్న షరతు. ఆ పేజీ చదవొద్దని నేననను. చదివి, అడుగున ఉన్న ఆధారాలు చూసి, వాటిలో దొరికిన పుస్తకం తెరవండి.

సీనియర్ల పాత అసైన్‌మెంట్ జిరాక్స్ తీసి పేరు మార్చి ఇవ్వడం గురించి వివరించాల్సిన పని లేదు. స్నేహితురాలికి మీ పేపర్ 'చూసిస్తా' అంటే ఇవ్వడం మాత్రం ఆలోచించాల్సిన విషయమే. రెండూ ఒకేలా వస్తే ఎవరిది అసలో మాకు తెలియదు, ఇద్దరినీ పిలవాల్సి వస్తుంది. చెరువు గురించి కలిసి మాట్లాడుకోండి, కలిసి కట్ట మీదికి వెళ్లండి. రాసేటప్పుడు విడిగా కూర్చోండి.

యూజీసీ 2018లో దీనిపై నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం దాకా ఉంటే చిన్నదిగా చూస్తారు. 10 నుంచి 40, 40 నుంచి 60, 60 పైన అని మూడు స్థాయిలున్నాయి. పై స్థాయిలో రిజిస్ట్రేషన్ రద్దు దాకా పోతుంది. ఆ శిక్షలు థీసిస్, డిసర్టేషన్లకు సంబంధించినవి. మీ అసైన్‌మెంట్‌లో దొరికితే మొదటిసారి మళ్లీ రాయిస్తాను. శాతం చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. ఒక్క పేరా ఎత్తినా అది ఎత్తినదే.

రెఫరెన్స్ ఎందుకు?

మార్కుల కోసం కాదు. ప్రతాపరుద్రుడి మరణమే చూడండి. 1323లో ఓరుగల్లు పడిపోయింది, రాజును ఢిల్లీకి పట్టుకుపోయారు. తర్వాత? నర్మద ఒడ్డున చనిపోయాడని విలస శాసనం చెబుతుంది. తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్లాడని 1423 నాటి రెడ్డిరాణి అనితల్లి శాసనం చెబుతుంది. మీరు ఆధారం లేకుండా 'ప్రతాపరుద్రుడు ఆత్మహత్య చేసుకున్నాడు' అని రాస్తే, మాట ఎవరిదో తెలియదు. సంఘటన జరిగిన కొద్దికాలానికే చెప్పిన మాటా, వందేళ్ల తర్వాత చెప్పిన మాటా? అనితల్లి శాసనం అలా అంటోందని రాస్తే, చదివేవాళ్లు దాన్ని తూచుకోగలరు. చరిత్రలో రెఫరెన్స్ అంటే సాక్షి పేరు.

అందరికీ తెలిసినదానికి సాక్షి అక్కర్లేదు. వరంగల్ కాకతీయుల రాజధాని అన్నదానికి ఆధారం ఇవ్వనవసరం లేదు. కాకతీయ రాజ్యం ఎందుకు కూలింది అన్నదానికి ఇవ్వాలి, ఎందుకంటే దాని మీద తలో మాట ఉంది. ఇవ్వాలా వద్దా అని తేలకపోతే ఇచ్చేయండి.

సొంత మాటల్లో రాయడం

అసలు కష్టం ఇక్కడే. పుస్తకం పక్కన తెరిచి పెట్టుకొని రాస్తే ఆ వాక్యాలే వస్తాయి, ఎంత తెలివైన పిల్లలకైనా. చదవండి, పుస్తకం మూయండి, పక్కనున్నవాళ్లకు చెప్పండి. హాస్టల్ రూమ్మేటుకో, అమ్మకో. చెప్పలేకపోతే అర్థం కాలేదన్నట్టే, మళ్లీ చదవండి. చెప్పగలిగితే ఆ చెప్పినట్టే రాయండి. ఆ తర్వాత పుస్తకం తెరిచి సరిచూడండి.

మన విభాగం నోట్స్‌లోని ఈ పేరా చూడండి.

> మూలం: రామప్ప గుడి శిఖరాన్ని నీటిలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారు. కింద ఇసుక నింపిన పునాది ఉంది. పైన బరువు తగ్గడం, అడుగున ఇసుక ఉండటం వల్లే ఆ కట్టడం ఇన్ని శతాబ్దాలు నిలబడిందని కొందరు ఇంజనీర్లు భావిస్తారు.

> మొదటి ప్రయత్నం: రామప్ప ఆలయ గోపురాన్ని నీళ్లపై తేలేటంత తక్కువ బరువున్న ఇటుకలతో నిర్మించారు. అడుగున ఇసుకతో నింపిన పునాది ఉన్నది. పైభాగాన బరువు తగ్గడం, కింద ఇసుక ఉండటం వలననే ఆ నిర్మాణం ఇన్ని వందల ఏళ్లు నిలిచిందని కొంతమంది ఇంజనీర్ల అభిప్రాయం.

గుడి ఆలయమైంది, కట్టడం నిర్మాణమైంది. వాక్యాలు మూడే, వరుస అదే. చొక్కా మార్చినంత మాత్రాన మనిషి మారడు. దీని చివర రెఫరెన్స్ పెట్టినా సరిపోదు, ఎందుకంటే వాక్య నిర్మాణం మొత్తం అరువే.

> రెండో ప్రయత్నం: ఇసుక పునాది ఉండటం వల్ల ఎంత పెద్ద భూకంపం వచ్చినా రామప్ప గుడి కూలదని ఇంజనీర్లు నిరూపించారు (చరిత్ర విభాగం, 2024, పే. 3).

మాటలు సొంతం, రెఫరెన్స్ కూడా ఉంది. కానీ నోట్స్ అలా చెప్పలేదు. అక్కడ 'కొందరు భావిస్తారు', ఇక్కడ 'నిరూపించారు'. ఇటుకల సంగతి పోయింది, లేని భూకంపం వచ్చి చేరింది. కాపీ కంటే ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే అనని మాటను ఒకరి నోట్లో పెడుతున్నాం.

> సరిచేసినది: రామప్ప గుడి శతాబ్దాల తరబడి నిలవడానికి కారణం పైనా కిందా రెండు చోట్లా ఉందంటారు కొందరు ఇంజనీర్లు. పునాదిలో పోసిన ఇసుక ఒకటి, శిఖరం బరువు తగ్గించిన నీటిలో తేలే ఇటుక ఇంకొకటి (చరిత్ర విభాగం, 2024, పే. 3).

కారణంతో మొదలైంది, వరుస మారింది, 'కొందరు' అన్న మాట నిలిచింది. 'పునాది', 'ఇటుక', 'శిఖరం' వంటి మాటలు మార్చనక్కర్లేదు. వాటికి వేరే పేరు లేదు.

ఇప్పుడు మీ వంతు. కింద ఉన్న పేరా చదివి, కాగితం తిప్పేసి, రెండు వాక్యాల్లో రాయండి. మీ ఊళ్లో చూసిన ఒక విషయం దానికి కలపండి. రాశాకే కిందికి రండి.

> మూలం: కాకతీయుల కాలంలో చెరువులను ఒకదాని కింద ఒకటిగా గొలుసుకట్టుగా కట్టించారు. ఎగువ చెరువు నిండి అలుగు దూకితే ఆ నీరు కాలువ గుండా దిగువ చెరువుకు చేరేది. మధ్యలో ఒక్క కట్ట తెగినా, ఒక్క కాలువ పూడినా దాని కింది ఊళ్లన్నీ నష్టపోయేవి.

పోయినేడు ఒక విద్యార్థి ఇలా రాశాడు:

> గొలుసుకట్టు చెరువుల్లో ఏ ఊరి నీళ్లు ఆ ఊరివి మాత్రమే కావు. ఎగువన కాలువ పూడితే దిగువన పంట పోయేది. మా ఊరి చెరువుకు నీళ్లొచ్చే కాలువ మీద ఇప్పుడు ఇళ్ల ప్లాట్లు ఉన్నాయి (చరిత్ర విభాగం, 2024, పే. 5).

మొదటి వాక్యం చదివి సంబరపడ్డాను. అది మూలంలో లేదు, కానీ మూలం అర్థమైనవాడే రాయగల మాట. తప్పు బ్రాకెట్ ఉన్న చోటులో ఉంది. ప్లాట్ల సంగతి నోట్స్‌లో ఉన్నట్టు కనబడుతోంది. అది అతను స్వయంగా చూసినది, ఈ పేపర్లో అన్నిటికంటే విలువైనది. దాన్ని వేరేవాళ్లకు రాసిచ్చేశాడు.

> సరిచేసినది: గొలుసుకట్టు చెరువుల్లో ఏ ఊరి నీళ్లు ఆ ఊరివి మాత్రమే కావు. ఎగువన కాలువ పూడితే దిగువన పంట పోయేది (చరిత్ర విభాగం, 2024, పే. 5). మా ఊరి చెరువుకు నీళ్లొచ్చే కాలువ మీద ఇప్పుడు ఇళ్ల ప్లాట్లు ఉన్నాయి. ఆగస్టులో నేను వెళ్లి చూశాను.

రెఫరెన్స్ రాసే తీరు

మనం ఏపీఏ పద్ధతి వాడుతున్నాం. వాక్యం చివర బ్రాకెట్లో రచయిత ఇంటిపేరు లేదా అందరూ పిలిచే పేరు, సంవత్సరం, పేజీ. పేపర్ చివర పూర్తి వివరం. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తే కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు రెండూ ఉండాలి. అసైన్‌మెంట్‌లో అలాంటివి రెండు మూడు చాలు.

ఎక్కువ మంది రాసే తప్పు ఇది:

> మూలం: గూగుల్

గూగుల్ దారి చూపింది, అంతే. దారి చెప్పినవాళ్ల ఇంటికి చుట్టం వచ్చాడని ఎవరైనా అంటారా? చేరిన పేజీ పేరు రాయాలి:

> యునెస్కో వరల్డ్ హెరిటేజ్ సెంటర్. (తేదీ లేదు). కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) ఆలయం, తెలంగాణ. చూసిన తేదీ: 12 సెప్టెంబర్ 2024. https://whc.unesco.org/en/list/1570

పుస్తకమైతే:

> పరబ్రహ్మశాస్త్రి, పి.వి. (1978). ది కాకతీయాస్ ఆఫ్ వరంగల్. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం.

ఊళ్లో పెద్దమనిషితోనో, నీరటితోనో మాట్లాడితే అదీ ఆధారమే. ముందు అనుమతి అడగండి. పేరు వద్దంటే పేరు రాయకండి. వాక్యం పక్కనే (నీరటి, వ్యక్తిగత సంభాషణ, 8 సెప్టెంబర్ 2024) అని పెడితే చాలు, చివరి జాబితాలో రాదు. ఇంటర్నెట్‌లో దొరికిన చెరువు ఫోటో పెడితే తీసినవాళ్ల పేరు కింద ఉండాలి. మీ ఫోన్‌తో మీరే తీస్తే ఇంకా మంచిది.

నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమవైపు పుస్తకంలో ఉన్న మాట, కొటేషన్ గుర్తులతో, పేజీ నంబరుతో. కుడివైపు మీకు తోచింది. నంబరు చదివిన రోజే రాసుకోండి. చివరి రోజు లైబ్రరీకి వెళ్తే ఆ పుస్తకం ఇంకొకరి ఇంట్లో ఉంటుంది.

అసైన్‌మెంట్‌తో పాటు ఆ నోట్‌బుక్ కూడా అక్టోబర్ 21న విభాగంలో ఇవ్వాలి. అంతకుముందు ప్రతి బుధవారం మూడు గంటల తర్వాత నేను స్టాఫ్‌రూమ్‌లోనే ఉంటాను. ఒక పేరా కాపీ అవుతుందో కాదో తేల్చుకోలేకపోతే మీ పేరా, మూల పుస్తకం రెండూ పట్టుకొని రండి. పక్కపక్కన పెట్టి చూద్దాం.