మాట వరస

ఆటోనగర్‌లో లేత్ మెషిన్ ఆపేసరికి రాత్రి ఏడు. గోళ్లలో గ్రీజు పోకుండానే శీను బెంజి సర్కిల్ దగ్గర జపనీస్ క్లాసుకు పరుగెత్తాడు. ట్రైనీ టెస్టు ఇంకా పది రోజులే. హిరగానా 46 అక్షరాలూ వచ్చాయి, వాక్యమే కుదరడం లేదు. ఒకటే టెన్షన్.

"ఇంగ్లిషు నుంచి తిప్పకండి. తెలుగులోనే అనుకోండి," అంది మేడమ్. "నేను అన్నం తింటాను."

"వతాషి వ గోహాన్ ఒ తబెమాసు."

నేను, అన్నం, తింటాను. అదే వరస! క్రియ చివర్లోనే. 'అన్నాన్ని'లో 'ని' ఉన్నట్టే ఆ 'ఒ'. శీనుకు కళ్లు చెమర్చాయి.

ఇంటికెళ్లేసరికి అమ్మ కంచం పెట్టింది.

"ఏంట్రా గొణుగుతున్నావు?"

"అన్నం తింటానని చెప్తున్నానమ్మా, జపాన్ మాటల్లో."

"ముందు తిను, చల్లారిపోతోంది."

శీను చేతులు జోడించి, జపాన్‌లో తినేముందు అనే మాట అన్నాడు. "ఇతదకిమాసు."